ఒకే ట్యూబు, ఇద్దరు రోగులు: గజ్జల తామర, ముఖంపై మంగు, పలుచబడిన చర్మం

భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువుల దగ్గర పర్యవేక్షకుడిగా పనిచేసే 31 ఏళ్ళ యువకుడు, ఏడు నెలలుగా తగ్గని గజ్జల తామరతో నా దగ్గరకు వచ్చాడు. వెంట వచ్చిన 27 ఏళ్ళ భార్య తనకు చూపించుకోవాలని రాలేదు. చున్నీని బుగ్గల మీదుగా అడ్డం పెట్టుకుని గోడవారగా కూర్చుంది. భర్తను పరీక్షించి చేతులు కడుక్కుంటున్నప్పుడు ఆమె చున్నీ కాస్త జారింది. ముక్కుకు రెండు పక్కలా, గడ్డం చుట్టూ ఎర్రగా కందిన చర్మం కనిపించడంతో, మీరు ముఖానికి ఏమి రాస్తున్నారని అడిగాను. ఆమె భర్త వైపు చూసింది. అతను జేబులోంచి తీసి అప్పటికే నా బల్ల మీద పెట్టిన ట్యూబు వైపు చూపించింది. ఇద్దరి అనుమతితో, వాళ్ళెవరో గుర్తుపట్టగల వివరాలను మార్చి, ఈ కేసును రాస్తున్నాను.

ఆ ట్యూబు బరువు 15 గ్రాములు. అందులో నాలుగు మందులున్నాయి: క్లోబెటసాల్ 0.05 శాతం, టెర్బినాఫైన్ 1 శాతం, ఓఫ్లాక్సాసిన్ 0.75 శాతం, ఓర్నిడజోల్ 2 శాతం. వీటిలో ఫంగస్ మీద పనిచేసేది టెర్బినాఫైన్ ఒక్కటే. ఓఫ్లాక్సాసిన్ బాక్టీరియాకు వాడే మందు, ఓర్నిడజోల్ అమీబా వంటి పరాన్నజీవులకూ కొన్ని రకాల బాక్టీరియాకూ వాడే మందు. తామరలో ఈ రెండింటికీ పని లేదు. మిగిలిన క్లోబెటసాల్ చర్మంపై పూసే స్టిరాయిడ్లలో అత్యంత శక్తిమంతమైన తరగతికి చెందినది. మోచేతుల మీదా అరికాళ్ళలోనూ మందంగా కట్టిన సోరియాసిస్ వంటి జబ్బులకు, రెండు వారాలకు మించకుండా రాసే మందు అది. ముఖానికీ గజ్జలకూ చంకలకూ వాడకూడదన్న హెచ్చరిక దాని సమాచార పత్రంలోనే ఉంటుంది.

భర్త కథ

అతని పని ఉదయం నుంచి సాయంత్రం దాకా చెరువు గట్ల మీదే. మేత వేయించేటప్పుడో వల లాగించేటప్పుడో నడుము దాకా తడుస్తాడు, ఆ తడి జీన్సు ప్యాంటు ఒంటి మీదే ఆరుతుంది. వేసవి చివరలో కుడి గజ్జలో రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చ వచ్చి దురద పెట్టింది. మందుల షాపులో అడిగితే ఈ ట్యూబు ఇచ్చారు. "రెండు రోజులకే దురద పూర్తిగా పోయిందండి. మానేసిన నాలుగో రోజుకే మళ్ళీ మొదలైందండి, అంతకుముందు కంటే ఎక్కువగా" అని అతను చెప్పిన మాటను యథాతథంగా రాసుకున్నాను, ఎందుకంటే స్టిరాయిడ్ కలిసిన మందుతో తామరకు వైద్యం చేసుకున్న దాదాపు ప్రతి రోగీ ఇదే వరుసలో, ఇదే ఆశ్చర్యంతో చెబుతాడు. రోజుకు రెండుసార్లు, రెండు గజ్జలకూ తొడల లోపలి వైపుకూ రాసేవాడు. పది రోజులకు ఒక ట్యూబు అయ్యేది. అంటే రోజుకు గ్రామున్నర, ఏడు నెలలకు 21 ట్యూబులు, మొత్తం సుమారు 315 గ్రాములు.

పరీక్షలో మొదట గమనించవలసినది తామర ఆకారం. మందు తగలని తామర చూడగానే తెలుస్తుంది. అంచు కాస్త ఉబ్బి, ఎర్రగా, పొట్టుతో ఉంటుంది, మధ్యభాగం మానుతూ ఉంటుంది. ఇతని తొడల మీద అలాంటి స్పష్టమైన అంచు లేదు. ఒక వలయం లోపల మరొక వలయం, దాని లోపల ఇంకొకటి, నీళ్ళలో రాయి వేసినప్పుడు లేచే అలల్లాగా ఉన్నాయి. స్టిరాయిడ్ రాసినప్పుడల్లా వాపు అణగి, ఆపినప్పుడల్లా తిరగబెట్టినందున ఇలా వలయాలు ఏర్పడతాయి. పొట్టు చాలా తక్కువ. అక్కడక్కడ చిన్న చీము పొక్కులు ఉన్నాయి. మచ్చ నడుము పట్టీ దాకా, పిరుదుల దాకా పాకింది. స్టిరాయిడ్ ముసుగులో గుర్తుపట్టరాకుండా మారిన తామరను 1968లో లండన్ వైద్యులు ఐవ్, మార్క్స్ వర్ణించి, దానికి 'టీనియా ఇన్‌కాగ్నిటో', అంటే మారువేషంలో ఉన్న తామర, అని పేరు పెట్టారు. అప్పట్లో ఒక వింతగా రాసిన ఆ రూపమే ఇప్పుడు మన ఓపీల్లో రోజువారీ దృశ్యం.

రెండవది చారలు. రెండు తొడల లోపలి వైపున, గజ్జ మడతకు దిగువన, ఊదారంగు చారలు ఏడెనిమిది ఉన్నాయి. అన్నిటికంటే వెడల్పైనది తొమ్మిది మిల్లీమీటర్లు. వేలితో రాస్తే అక్కడ చర్మం లోపలికి దిగినట్టు మెత్తగా తగులుతుంది, పక్కకు లాగితే పలుచని కాగితంలా ముడతలు పడుతుంది. వృషణాల తిత్తి చర్మం ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. దురద కంటే అక్కడ మంట ఎక్కువని చెప్పాడు.

వలయపు వెలుపలి అంచు నుంచి స్కాల్పెల్ మొండి వైపుతో పొట్టు గీకి, గాజు పలకపై 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, పావుగంట ఆగి మైక్రోస్కోపు కింద చూశాను. వెతకవలసిన అవసరం లేకుండానే, అడ్డగోడలున్న పొడుగాటి ఫంగస్ తంతువులు చూసిన చోటల్లా అల్లుకుని ఉన్నాయి. ఇక్కడ ఒక విషయం నిదానంగా ఆలోచించదగినది. ఏడు నెలలుగా ఫంగస్‌ను చంపే మందు రోజూ రెండుసార్లు పడుతున్న చర్మంలో ఫంగస్ ఇంత దట్టంగా ఎలా ఉంది?

దానికి నాకు కనిపించే కారణాలు రెండు. ఒకటి, తామరను చివరికి చర్మం నుంచి పంపించేది మందు ఒక్కటే కాదు. ఫంగస్ చేరిన చోటికి తెల్ల రక్తకణాలు వచ్చి, ఎరుపు, వాపు, దురద కలిగించి, చర్మపు పైపొరను త్వరత్వరగా రాల్చి, దానితో పాటు ఫంగస్‌నూ బయటికి నెట్టేస్తాయి. క్లోబెటసాల్ ఆ కణాలనే పడుకోబెడుతుంది. దురద రెండు రోజుల్లో పోవడానికీ, ఫంగస్ నిర్భయంగా పెరగడానికీ కారణం ఒక్కటే. రెండు, మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకానికి చెందిన చాలా ఫంగస్‌లలో టెర్బినాఫైన్ పనిచేసే ఎంజైము జన్యువే మారిపోయింది, దానితో ఆ మందుకు అవి లొంగడం లేదు. ఈ రోగిలో ఏ రకమో తేల్చే కల్చర్ పరీక్ష నేను చేయించలేదు. కానీ ట్యూబులో ఫంగస్‌కు పనికొచ్చే ఏకైక మందు కూడా ఇతనికి పనిచేయకపోయి ఉండవచ్చునన్న అనుమానంతోనే చికిత్స నిర్ణయించాను.

భార్య కథ

ఆమెకు రెండవ కాన్పు తరువాత రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. భర్తకు మచ్చలు తగ్గిస్తున్న మందు తన మచ్చలూ తగ్గిస్తుందన్న ఆలోచనతో, అతను మొదలుపెట్టిన రెండు నెలలకు, రాత్రి పడుకునే ముందు శనగగింజంత తీసుకుని ముఖమంతా రాయడం మొదలుపెట్టింది. అయిదు నెలలు, రాత్రికి పావు గ్రాము చొప్పున, మొత్తం 38 గ్రాములు దాటి ఉండదు. మొదటి రెండు వారాల్లో ముఖం తెల్లగా, నునుపుగా మారిందనీ, అత్తగారు కూడా గమనించి మెచ్చుకున్నారనీ చెప్పింది. మూడో నెల నుంచి ఎండలోకి వెళ్తే ముఖం మండడం, పొయ్యి దగ్గర నిలబడితే ఎర్రబడడం మొదలయ్యాయి. ఒక వారం ఊరెళ్ళి ట్యూబు మరిచిపోతే అయిదో రోజుకు ముఖం వాచి, కందిపోయి, సబ్బు తగిలినా ఓర్చుకోలేకపోయింది. తిరిగి రాయగానే ఒక్క రాత్రిలో చల్లబడింది. దానితో ఈ మందు తన చర్మానికి 'పడిందనీ', మానేయడమే పొరపాటనీ నిర్ణయించుకుంది.

ఆ తెల్లదనం గురించి ఆమెకు నేను కాస్త సమయం తీసుకునే వివరించాను. స్టిరాయిడ్ పూసిన చోట చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని, రక్తం తగ్గి, చర్మం పాలిపోతుంది. 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పాలిపోవడాన్నే కొలతగా తీసుకుని స్టిరాయిడ్ల శక్తిని పోల్చే పద్ధతిని కనిపెట్టారు. ఇప్పటికీ ఈ మందులను ఏడు తరగతులుగా విభజించడంలో ఆ పరీక్షకు ముఖ్యమైన స్థానం ఉంది. ఆమె అద్దంలో చూసుకుని సంతోషపడిన కాంతి ఆరోగ్యం కాదు, మందు ఎంత బలమైనదో చూపే గుర్తు. నెలల తరబడి బలవంతంగా ముడిచి ఉంచిన నాళాలు, మందు ఆగిన వెంటనే మునుపటి కంటే వెడల్పుగా తెరుచుకుంటాయి. ఊళ్ళో అయిదో రోజున జరిగింది అదే.

ఆమె ముఖంలో బుగ్గల మీద ఎర్రని సన్నని నాళాలు దారపు పోగుల్లా కంటికే కనిపిస్తున్నాయి. నోటి చుట్టూ పెదవి అంచును మాత్రం వదిలి చిన్న ఎర్రని పొక్కులు, చెంపల మీద మునుపు లేని నూగు వెంట్రుకలు ఉన్నాయి. వీటన్నిటి అడుగున మంగు మచ్చ ఏమీ తగ్గకుండా అలాగే ఉంది.

చర్మం ఎందుకు పలుచబడుతుంది

"క్రీము రాస్తే చర్మం అరిగిపోతుందాండి? మేమేమీ రుద్దలేదు కదా" అని ఆమె అడిగింది. ఈ ప్రశ్నకు సరైన జవాబు చెబితే తప్ప రోగి ఆ మందును నిజంగా మానడని నా అనుభవం. స్టిరాయిడ్ చర్మాన్ని అరగదీయదు. చర్మం ప్రతిరోజూ కొంత పాతబడి, కొంత కొత్తగా కట్టుకునే కట్టడం. ఆ మందు పాతబడడాన్ని ఆపదు, కొత్తగా కట్టడాన్ని ఆపుతుంది. రాబడి ఆగి ఖర్చు మాత్రం సాగే ఇంట్లో నిల్వ తరిగినట్టు, చర్మం మందం తరుగుతుంది.

ఈ తరుగుదల ఒక వరుసలో జరుగుతుంది, ఆ వరుస తెలిస్తే ఏది తిరిగి వస్తుందో ఏది రాదో కూడా తెలుస్తుంది. పైపొరలో అడుగున ఉండే కణాలు విభజన చెంది పైకి జరుగుతూ, చివరికి పొట్టుగా రాలిపోతాయి. స్టిరాయిడ్ ఆ విభజనను తగ్గిస్తుంది, కణాల మధ్య గారలా ఉండే కొవ్వు పదార్థాల తయారీని కూడా తగ్గిస్తుంది. కొద్ది వారాల్లోనే పైపొర పలుచబడి, తేమను పట్టి ఉంచలేకపోతుంది. సబ్బు, చెమట, ఎండ ఇంతకుముందు తెలియనివి ఇప్పుడు మంటగా తెలుస్తాయి. ఆమె మూడో నెలలో చెప్పిన మంట ఈ దశది. దాని వల్లే మరొక అన్యాయం కూడా జరుగుతుంది: పైపొర ఎంత పలుచబడితే మరుసటి రోజు రాసిన మందు అంత సులువుగా లోపలికి దిగుతుంది. కొలత పెంచకుండానే మోతాదు పెరుగుతూ పోతుంది.

పైపొర కింద ఉండే అసలు చర్మంలో కొలాజెన్ తాళ్ళు నులక మంచం అల్లికలా అల్లుకుని ఉంటాయి. ఆ తాళ్ళ మధ్య ఖాళీలను హైల్యూరోనిక్ ఆమ్లం అనే పదార్థం నీటిని పీల్చుకుని నింపి ఉంచుతుంది. ఈ ఆమ్లం ఎక్కువ కాలం నిలవదు, ఒకటి రెండు రోజుల్లోనే సగం పాతబడి కొత్తది తయారవుతుంది. అందుకే తయారీ ఆగితే ముందుగా తరిగేది ఇదే. చర్మం బిగి తగ్గి వాలినట్టు అవుతుంది. ఈ దశలో మందు మానేస్తే చాలావరకు పూర్వస్థితి వస్తుంది. అప్పుడూ మానకపోతే, కొలాజెన్ తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొత్త తాళ్ళు అల్లడం తగ్గిస్తాయి, సాగి తిరిగి ముడుచుకునే ఎలాస్టిన్ పోగులు పలుచబడి తెగుతాయి. నాళాలకు చుట్టూ ఆనుకునే ఆసరా పోయి అవి వెడల్పై, పలుచని పైపొర గుండా బయటికి కనిపిస్తాయి. ఆమె బుగ్గల మీద ఉన్న పోగులు ఈ దశవి.

భర్త తొడల మీది చారలు ఇంకా ఒక అడుగు ముందుకు వెళ్ళినవి. నడిచినా, గొంతుక్కూర్చున్నా, బండి ఎక్కినా తొడ లోపలి చర్మం సాగుతుంది. తాళ్ళు బలహీనపడిన మంచం మీద రోజూ కూర్చుంటే ఒక చోట నులక జారి సందు ఏర్పడినట్టు, చర్మం లోపల చీలిక పడుతుంది. మొదట్లో దాని అడుగున ఉన్న నాళాల రంగు కనిపించి ఊదారంగులో ఉంటుంది, తరువాత తెల్లని మచ్చగా మిగులుతుంది. పైపొర తెగదు కనుక నొప్పి ఉండదు, అందుకే రోగి ఆలస్యంగా గమనిస్తాడు. ఇతను చారలను ప్యాంటు రాపిడి అనుకున్నాడు.

మరి మోచేతికి రాస్తే జరగనిది ముఖానికీ గజ్జలకూ రాస్తే ఎందుకు జరుగుతుంది? 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ శరీరంలోని వేర్వేరు చోట్ల హైడ్రోకార్టిసోన్ అనే స్టిరాయిడ్ పూసి, ఎంత లోపలికి ఇంకిందో కొలిచారు. ముంజేయి లోపలి వైపు ఇంకినదాన్ని ఒకటి అనుకుంటే, నుదుటి మీద ఆరు రెట్లు, దవడ మూల దగ్గర పదమూడు రెట్లు, వృషణాల తిత్తి చర్మం మీద నలభై రెండు రెట్లు ఇంకింది. గజ్జల్లో దీనికి తోడు మడత ఉంది, చెమట ఉంది, తడి ప్యాంటు ఉంది. మందు రాసి పైన పట్టీ కట్టినంత ఫలితం అక్కడ దానంతటదే కలుగుతుంది.

ఈ కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కొలతలే. క్లోబెటసాల్ వారానికి 50 గ్రాములు దాటకూడదన్నది పెద్దలకు చెప్పే పరిమితి. అతను వారానికి పదిన్నర గ్రాములే వాడాడు. ఆమె వారానికి రెండు గ్రాములు కూడా వాడలేదు. ఇద్దరూ పరిమితిలోనే ఉన్నారు, అయినా ఇద్దరి చర్మమూ దెబ్బతింది. ఆ పరిమితి శరీరం మొత్తం మీద మందు ప్రభావానికి సంబంధించినది, రెండు వారాల గడువుతో కలిపి చెప్పినది. రాసిన చోటి చర్మం విషయంలో గ్రాముల కంటే ఎక్కడ రాశామన్నదీ, ఎన్నాళ్ళు రాశామన్నదీ ముఖ్యం. "కొంచెమే రాశానండి" అన్న మాట రోగి నోట వచ్చినప్పుడు మనం తేలికపడకూడదు.

చికిత్స, అందులో నా పొరపాటు

భర్తకు ఆ రోజు నుంచే ట్యూబు పూర్తిగా ఆపించాను. కాలేయ పరీక్ష చేయించి, గుండె జబ్బు లేదని నిర్ధారించుకుని, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ 100 మిల్లీగ్రాముల గుళిక ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, కడుపు నిండా తిన్న తరువాత వేసుకోమన్నాను. ఖాళీ కడుపున ఈ గుళిక సరిగ్గా ఒంటపట్టదు, ఎసిడిటీ మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. పైకి ఫంగస్‌కే పనిచేసే లులికొనజోల్ 1 శాతం క్రీము రోజుకు ఒకసారి, మచ్చ అంచును దాటి రెండు వేళ్ళ వెడల్పు వరకు రాయమన్నాను. రాత్రి దురదకు సెటిరిజిన్, తిత్తి మంటకు వాసన లేని తెల్ల వ్యాజిలీన్ ఇచ్చాను. ఇట్రాకొనజోల్ వాడుతూ దొంగచాటుగా పాత ట్యూబు రాసుకోవద్దని ప్రత్యేకంగా చెప్పాను, ఎందుకంటే చాలా స్టిరాయిడ్లను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైమును ఈ మందు అడ్డుకుంటుంది. ఏడు నెలల వాడకం కనుక ఉదయం ఎనిమిది గంటలకు రక్తంలో, శరీరం తానే తయారుచేసుకునే స్టిరాయిడైన కార్టిజాల్ కూడా చూశాము, అది సాధారణ పరిధిలోనే ఉంది. చెరువు నుంచి రాగానే తడి ప్యాంటు విప్పి, ఒళ్ళు ఆరబెట్టుకుని, వదులు నూలు లుంగీ కట్టుకోమన్నాను. ఇంట్లో ఎవరి తువ్వాలు వారిదేనన్న నియమం పెట్టాను.

మొదటి పది రోజులు అతనికి కష్టంగా గడిచాయి. దురద, ఎరుపు పెరుగుతాయని ముందే చెప్పి ఉండకపోతే తిరిగి మందుల షాపుకే వెళ్ళేవాడు. మూడో వారం నుంచి అంచులు చదునయ్యాయి. ఎనిమిదో వారానికి పొట్టు పరీక్షలో ఫంగస్ కనిపించలేదు. గజ్జల్లో నల్లని మరక మాత్రం మిగిలింది. ఇతర ఔషధాలేవీ కలపకుండా మరో రెండు వారాలు లులికొనజోల్ మాత్రం కొనసాగించాను.

భార్య విషయంలో నేను పొరపాటు చేశాను. భర్తకు గజ్జల్లో అంత ఫంగస్ చూసి కూడా, ఆమె ముఖపు ఎరుపంతా స్టిరాయిడ్ వల్ల వచ్చినదేనని అనుకుని పొట్టు గీకి చూడలేదు. అయిదు నెలల క్లోబెటసాల్‌ను ఒక్కసారిగా ఆపితే ముఖం తట్టుకోదన్న ఉద్దేశంతో, అన్నిటికంటే బలహీనమైన హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీమును వారం పాటు రోజుకు ఒకసారి, తరువాతి వారం రోజు మార్చి రోజు రాయమన్నాను. సబ్బు మాన్పించి, తేమ నిలిపే సాదా క్రీము, ఎండకు సన్‌స్క్రీన్ ఇచ్చాను. గర్భం లేదని మూత్రపరీక్షలో నిర్ధారించుకుని నోటి చుట్టూ పొక్కులకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను.

రెండు వారాల తరువాత ఆమె వచ్చినప్పుడు బుగ్గల ఎరుపు కొంత తగ్గింది, కానీ ఎడమ దవడ మూల దగ్గర చెవి వైపుగా అర్ధచంద్రాకారంలో సన్నని అంచు తేలింది. బలమైన స్టిరాయిడ్ ఆగగానే ముసుగు తొలగిందన్నమాట. గీకి చూస్తే భర్త పొట్టులో కనిపించిన తంతువుల వంటివే ఉన్నాయి. భర్త గజ్జల నుంచి వేళ్ళ ద్వారానో ట్యూబు మూతి ద్వారానో తువ్వాలు ద్వారానో ఫంగస్ ఆమె ముఖానికి చేరి, అయిదు నెలలు కనపడకుండా ఉండిపోయింది. హైడ్రోకార్టిసోన్ వెంటనే ఆపి, గర్భనిరోధక జాగ్రత్తతో నాలుగు వారాలు ఇట్రాకొనజోల్, పైన లులికొనజోల్ ఇచ్చాను. ముఖం మీద సన్నని నూగు వెంట్రుకల కుదుళ్ళలో కూడా ఫంగస్ చేరుతుంది కనుక పైపూత ఒక్కటే చాలదనిపించింది. అప్పటి నుంచి స్టిరాయిడ్ వాడిన ఏ ఎర్రని ముఖాన్నయినా, ఎంత తక్కువ పొట్టు ఉన్నా, గీకి చూసిన తరువాతే తగ్గింపు మందు రాస్తున్నాను.

ఇలాంటి ట్యూబుల్లో స్టిరాయిడ్ ఉందో లేదో రోగి పేరు చూసి తెలుసుకోలేడు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేది బ్రాండు పేరు. చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్, హాలోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటాసోన్, డెక్సామెథసోన్, ఫ్లూయోసినోలోన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే అందులో స్టిరాయిడ్ ఉన్నట్టే. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పైపూత స్టిరాయిడ్లు పద్నాలుగింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి స్పష్టంగా తెచ్చింది. అయినా ఈ దంపతులు 21 ట్యూబులకు ఒక్క చీటీ కూడా చూపించవలసిన అవసరం రాలేదు. రోగి చరిత్ర రాసేటప్పుడు ఏ మందు రాశారని అడిగి ఊరుకోకుండా, ఖాళీ అయిన ట్యూబునైనా తెప్పించి చూడడం అందుకే అలవాటు చేసుకున్నాను.

ఏడాది తరువాత

ఆమె ముఖానికి మూడు నెలల్లో మంట పోయింది. నోటి చుట్టూ పొక్కులు ఆరు వారాలకే తగ్గాయి, నూగు వెంట్రుకలు నెమ్మదిగా రాలిపోయాయి. పైపొర కోలుకుంది, ఎండ తగిలినా మునుపటిలా కందడం లేదు. బుగ్గల మీది నాళాలు సగం వరకు మాయమయ్యాయి, మిగిలినవి అలాగే ఉన్నాయి. లేజరుతో వాటిని కాల్చవచ్చు, అయితే చర్మం పూర్తిగా నిలదొక్కుకునే వరకు ఆగమన్నాను. మంగుకు స్టిరాయిడ్ లేని అజెలాయిక్ ఆమ్లం, సన్‌స్క్రీన్ వాడుతోంది, అది కొద్దికొద్దిగా పలుచబడుతోంది. ఆమె ఇప్పుడు చున్నీ అడ్డం పెట్టుకోకుండా వస్తోంది.

అతనికి తామర తిరిగి రాలేదు. తొడల మీది చారల ఊదారంగు ఆరో నెలకు వెలిసి, ఏడాదికి తెల్లబడింది. స్కేలు పెట్టి కొలిచి చూశాను. అన్నిటికంటే వెడల్పైన చార ఇప్పటికీ తొమ్మిది మిల్లీమీటర్లే ఉంది.